తమిళ యాంత్రిక క్యాప్షన్ల సవరణ: పదం చివరి నుంచి మొదలుపెట్టాలి

ఒక తమిళ వైద్యుడు రక్తపోటు మాత్రల గురించి మాట్లాడుతున్న వీడియో ఉందనుకోండి. ఆయన చెప్పిన వాక్యానికి తెలుగు ఇది: "పొద్దున మాత్ర మరచిపోతే, రాత్రి రెండు కలిపి వేసుకోకూడదని గుర్తుంచుకోండి." ఆ మాటలు విని యంత్రం తయారుచేసిన క్యాప్షన్ ఫైలులో ఇలా ఉంది:

```
41
00:06:12,300 --> 00:06:15,100
காலையில் மாத்திரையை மருந்து விட்டால்
இரவில் இரண்டாக சாப்பிட

42
00:06:15,100 --> 00:06:17,600
கூட அது என்பதை நினைவில் வையுங்கள்
```

తెలుగు లిపిలో చదివితే మొదటి క్యాప్షన్ "కాలైయిల్ మాత్తిరైయై మరుందు విట్టాల్ ఇరవిల్ ఇరండాగ సాప్పిడ". రెండోది "కూడ అదు ఎన్బదై నినైవిల్ వైయుంగళ్". ఇప్పుడు అర్థం చూడండి. మొదటి క్యాప్షన్ "పొద్దున మాత్రను మందు వదిలితే రాత్రి రెండుగా తిన..." అంటూ ఆగిపోతుంది. రెండోది "కూడా అది అన్నదాన్ని గుర్తుంచుకోండి" అంటుంది. వైద్యుడు వద్దన్న పని, తెర మీదికి వచ్చేసరికి చేయమన్నట్టు తయారైంది.

ఈ వాక్యాన్ని పాఠం కోసం నేనే కూర్చాను. కానీ ఇందులోని తప్పులన్నీ నేను క్యాప్షన్లు దిద్దుతూ మళ్ళీ మళ్ళీ చూసిన రకాలే. ఉద్యోగ విరమణ తర్వాత కొన్నాళ్ళు తమిళ ఆరోగ్య ప్రసంగాల క్యాప్షన్లు దిద్దే పని పెట్టుకున్నాను. ఆ పనిలో తెలిసిన ఒక్క విషయం చుట్టూనే ఈ పాఠం నడుస్తుంది. తమిళంలో పొడవైన పదానికి అసలు బరువు దాని చివర ఉంటుంది. యంత్రం తడబడేది కూడా ఎక్కువగా అక్కడే.

తమిళ వీడియోలతో మనకేం పని అని అడగవచ్చు. చాలా వీడియో వేదికల్లో ఒక భాష క్యాప్షన్లను మరో భాషలోకి యాంత్రికంగా మార్చి చూపే సదుపాయం ఉంది. తమిళ క్యాప్షన్‌లో పోయిన "కూడదు" తెలుగు అనువాదంలోనూ పోతుంది. తమిళం రాని తెలుగు ప్రేక్షకుడికి ఆ మాటను చెవితో సరిచూసుకునే దారి కూడా లేదు.

ఖాళీ చెవికి వినపడదు

అచ్చులో రెండు పదాల మధ్య ఖాళీ ఉంటుంది. మాటలో ఉండదు. మనిషి ఊపిరి కోసం ఆగేది పదబంధం చివర, వాక్యం చివర. ప్రతి పదం తర్వాత ఆగడు. కాబట్టి మాటను రాతగా మార్చే యంత్రం ఖాళీని వినదు, ఊహిస్తుంది. అది పదాలను మొత్తంగా కాక చిన్న చిన్న ముక్కలుగా రాసుకుంటూ పోతుంది. ఒక్కో ముక్క దగ్గరా ఇది కొత్త పదానికి మొదలా, పాత పదానికి కొనసాగింపా అని నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయానికి ఆధారం అది అంతకుముందు నేర్చుకున్న రాత.

చిక్కు ఇక్కడే వస్తుంది. తమిళంలో ప్రత్యయాలు, సహాయక క్రియలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "వైద్యుడి దగ్గర నుంచి" అని మనం మూడు మాటల్లో చెప్పేది తమిళంలో "మరుత్తువరిడమిరుందు" అనే ఒకే పదం. ఇలాంటి పొడవైన రూపం ఒక్కొక్కటీ యంత్రం చదివిన రాతలో చాలా తక్కువసార్లు వచ్చి ఉంటుంది. దానిలోని ముక్కలు మాత్రం విడివిడిగా వేలసార్లు కనిపించి ఉంటాయి. "ఇడం" అంటే చోటు, "ఇరుందు" అంటే ఉండి. అందుకని యంత్రం తనకు బాగా తెలిసిన ముక్కల వైపే మొగ్గి "మరుత్తువర్ ఇడం ఇరుందు" అని రాస్తుంది. "వైద్యుడు, చోటు, ఉండి" అన్నమాట.

దీనికి మనుషుల అలవాటు కూడా తోడైంది. తమిళులు అందరూ ఒకేలా కలిపి రాయరు, ఒకేలా విడదీసి రాయరు. ఒకే పత్రికలో ఒకే రూపం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఆ రాతలను చూసి నేర్చుకున్న యంత్రానికి నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది?

విడదీత బట్టి అర్థం మారుతుందన్న సంగతి కొత్తదేమీ కాదు. పదమూడో శతాబ్దపు తమిళ వ్యాకరణం "నన్నూల్" ఒకే మాటగానూ, రెండు మాటల కలయికగానూ అర్థమయ్యే రూపాలకు "పొదుమొఴి" అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది. "ఎట్టు" అంటే ఎనిమిది. విడదీస్తే "నువ్వులు తిను". చదివేవాడు సందర్భం చూసి తేల్చుకోవాలని ఆనాటి పండితుల ఉద్దేశం. ఈనాడు క్యాప్షన్ దిద్దేవాడి పని కూడా అదే.

"విల్లై" కథ

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే తప్పుతో మొదలుపెడదాం. తెలుగులో "రాలేదు", "తినలేదు" అన్నట్టే తమిళంలో "వరవిల్లై", "సాప్పిడవిల్లై" అంటారు. "వర" అంటే రా, "ఇల్లై" అంటే లేదు. రెండు అచ్చులు కలిసే చోట మధ్యలో "వ్" వచ్చి చేరుతుంది. మన యడాగమం లాంటిదే, అక్కడ వకారం వస్తుంది.

యంత్రం దీన్ని "వర విల్లై", "సాప్పిడ విల్లై" అని విడదీస్తుంది. ఆ వకారం రెండు భాగాలకూ మధ్య కట్టిన వంతెన. దాన్ని తీసుకెళ్ళి రెండో భాగానికి మొదటి అక్షరంగా అంటించడం తప్పు. అయితే అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. "విల్లై" అనేది తమిళంలో నిజంగానే ఒక మాట. దానికి బిళ్ళ, మాత్ర అనే అర్థాలున్నాయి. మన "బిళ్ళ" పక్కన పెట్టి చూడండి, ఎంత దగ్గరగా ఉందో. కాబట్టి మందుల గురించిన ప్రసంగంలో "సాప్పిడ విల్లై" అని కనబడితే "తినలేదు" అన్న మాట "తినడానికి బిళ్ళ" అన్నట్టు చదువుకోవచ్చు. అక్షరదోషాలు పట్టే పరికరం దీని జోలికి రాదు. దాని లెక్కలో రెండూ సరైన పదాలే.

ఈ తప్పు ఒక ఫైలులో పదుల సార్లు ఉంటుంది కాబట్టి, అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేయాలని అనిపిస్తుంది. నేనూ మొదట్లో అదే చేశాను. ఖాళీతో కూడిన "విల్లై" ఎక్కడున్నా ముందు పదానికి అతికించమని ఆదేశమిచ్చాను. మందుల ప్రసంగాల్లో బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఒక రామాయణ ప్రవచనం చేతికి వచ్చింది. తమిళంలో "విల్" అంటే విల్లు, "విల్లై" అంటే విల్లును. "రామన్ విల్లై" అంటే "రాముడు విల్లును" అని. నా ఆదేశం ఆ రెండు మాటలనూ కలిపి "రామన్‌విల్లై" అని ముద్ద చేసింది. శివధనుస్సు విరిగే ఘట్టమంతా అలాగే తయారైంది. ఎవరూ ఫిర్యాదు చేయకముందే నేనే చూసుకున్నాను కాబట్టి పరువు దక్కింది.

దాంతో కొంచెం ఆలోచించి ఆదేశాన్ని బిగించాను. "లేదు" అనే అర్థం రావాలంటే ముందున్న పదం "వర", "సాప్పిడ" లాగా అకారంతో ముగియాలి. తమిళ లిపిలో అకారాంతమైన అక్షరానికి పైన గాని పక్కన గాని ఏ గుర్తూ ఉండదు. "రామన్" లాంటి హలంత పదానికి మాత్రం చివరి అక్షరం మీద చుక్క ఉంటుంది. దాన్ని పుళ్ళి అంటారు, మన పొల్లు లాంటిది. కంప్యూటర్‌కు ఆ చుక్క విడిగా ఒక అక్షరం కిందే లెక్క. కనుక ఖాళీకి ముందు ఏ గుర్తూ లేని హల్లు ఉన్న చోట్లను మాత్రమే వెతకవచ్చు. సబ్‌టైటిల్ ఎడిట్ వంటి ఉచిత పరికరంలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకుని, వెతికే గడిలో మొదటి వరుస, మార్చే గడిలో రెండో వరుస ఇవ్వాలి:

```
([க-ஹ]) வில்லை
$1வில்லை
```

దీనికి "రామన్ విల్లై" చిక్కదు. కానీ "అంద విల్లై" చిక్కుతుంది. "అంద" అంటే ఆ. "ఆ బిళ్ళ", "ఆ విల్లును" అనే చోట్ల అది విడిగానే ఉండాలి. "ఇంద", "పల", "పెరియ" వంటి విశేషణాలు కూడా అకారంతోనే ముగుస్తాయి. కాబట్టి ఎంత బిగించినా "అన్నీ మార్చు" అనే మీట నొక్కవద్దు. ఒక్కొక్కటి చూపిస్తూ పోయే పద్ధతిలో, ముందున్న మాట క్రియ అవునా కాదా అని చూసి మార్చండి. క్రియ అయితే కలపాలి, విశేషణమైతే వదిలేయాలి. ముప్పై చోట్లు చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు.

రెట్టించిన హల్లు చెప్పే సాక్ష్యం

ఇప్పుడు మొదట చూసిన క్యాప్షన్‌కు వద్దాం. వైద్యుడు పలికింది "సాప్పిడక్కూడాదు". మన "తినకూడదు"కు నిర్మాణంలో జోడు. "కూడాదు", "కూడదు" ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. యంత్రం దాన్ని మూడు ముక్కలు చేసింది: "సాప్పిడ", "కూడ", "అదు". ఒక్కొక్కటీ తమిళంలో మామూలు మాటే. "కూడ" అంటే కూడా, "అదు" అంటే అది. మూడు మంచి మాటలు కలిసి ఒక నిషేధాన్ని మింగేశాయి.

ఇక్కడ దిద్దేవాడికి చెవి ఒక ఆధారం ఇస్తుంది. తమిళంలో "తిన", "రా" వంటి తుమర్థక రూపం తర్వాత క, చ, త, ప లతో మొదలయ్యే మాట వస్తే ఆ హల్లు రెట్టిస్తుంది. "సాప్పిడ" తర్వాత "కూడాదు" వస్తే "సాప్పిడక్కూడాదు". "వచ్చిన" వంటి క్రియాజన్య విశేషణం తర్వాత ఆ రెట్టింపు ఉండదు. "వచ్చిన పిల్లవాడు" అనే అర్థంలో "వంద పైయన్" అనే అంటారు. కనుక ఆడియోలో "క్కూ" అని ఒత్తు వినబడితే, ఆ రెండు ముక్కలూ ఒకే క్రియా నిర్మాణానికి చెందినవని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. యంత్రం రాసిన దానిలో ఆ ఒత్తు మాయమవడమే అనుమానానికి తావు.

ఆ ఒత్తు అలంకారం కాదని చూపడానికి తమిళ బడుల్లో తరచు చెప్పే జంట ఒకటుంది. "తందప్ పలగై" అంటే దంతపు పలక. ఒత్తు తీసేసి "తంద పలగై" అంటే ఇచ్చిన పలక. ఒక్క హల్లుతో దంతం కాస్తా ఇవ్వడమైంది.

మరి దిద్దేటప్పుడు "సాప్పిడక్కూడాదు" అని కలపాలా, "సాప్పిడక్ కూడాదు" అని విడిగా ఉంచాలా? అచ్చులో రెండూ కనిపిస్తాయి, రెండూ తప్పు కావు. కలిపినా విడదీసినా ఆ రెట్టించిన "క్" మాత్రం ఉండి తీరాలి. నా పద్ధతి చెబుతాను. తనంతట తాను నిలబడలేని సహాయక క్రియను కలిపేస్తాను. కొత్త భావాన్ని మొదలుపెట్టే మాటను విడిగా ఉంచుతాను. వైద్యుడు నిజానికి "సాప్పిడక్కూడాదెన్బదై" అని ఒకే ఊపున అన్నాడు. "తినకూడదన్నదాన్ని" అని దాని అర్థం. అంత పొడవైన పదం తెర మీద రెండు క్షణాల్లో చదవడం కష్టం. అందుకని "సాప్పిడక్కూడాదు ఎన్బదై" అని ఒక్కచోట సంధి విడదీస్తాను. మీరు వేరే పద్ధతి ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఫైలు మొదటి నుంచి చివరి వరకూ అదే పాటించండి.

ఈ క్యాప్షన్‌లో ఇంకో దోషం కూడా ఉంది, అది ఖాళీకి సంబంధించినది కాదు. యంత్రం "సాప్పిడ" దగ్గర ఒక క్యాప్షన్ ముగించి, మిగతా పదాన్ని తర్వాతి దానిలో వేసింది. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా ఇది ప్రమాదమే. "రాత్రి రెండు తిన" అనే మాట దాదాపు మూడు సెకన్లు తెర మీద నిలబడుతుంది. "కూడదు" తర్వాత వస్తుంది. ఆ మధ్యలో వీడియో ఆపి ఫొటో తీసుకున్నవారికి చేరేది సగం సలహా. అందుకే పదాన్ని కలిపితే చాలదు, క్యాప్షన్ సరిహద్దును కూడా జరపాలి. ఈ తప్పులు పట్టడానికి, పదం చివరి భాగంతో మొదలయ్యే క్యాప్షన్లను వెతకవచ్చు:

```
^(வில்லை|கூடாது|கூட அது|கொண்டி)
```

మొదట ఉన్న గుర్తు "క్యాప్షన్ ప్రారంభంలో" అని చెబుతుంది. బ్రాకెట్లలో ఉన్నవి "విల్లై", "కూడాదు", "కూడ అదు", "కొండి". చివరిది "చేస్తూ ఉన్నాడు" అనే అర్థంలో వచ్చే "కొండిరుక్కిఱార్" వంటి రూపాలకు మొదలు. దొరికిన ప్రతిదీ తప్పు కానక్కర్లేదు; "కూడాదు" అని గట్టిగా ఒక్క మాటలో కూడా అనవచ్చు కదా. ముందున్న క్యాప్షన్ ఎలా ముగిసిందో చూస్తే తేలిపోతుంది.

మఱందు, మరుందు

మిగిలింది "మరుందు విట్టాల్". ఇది విడదీత ఒక్కటే కాదు, తప్పుగా వినడం కూడా. వైద్యుడు అన్నది "మఱందువిట్టాల్", మరచిపోతే. యంత్రం విన్నది "మరుందు విట్టాల్", మందు వదిలితే. నేటి మాట్లాడే తమిళంలో చాలామంది ర, ఱ ఒకేలా పలుకుతారు. కాబట్టి ఈ రెండింటికీ మధ్య చెవికి మిగిలిన తేడా ఒక్క పొట్టి అచ్చు: "ర" తర్వాత అకారమా, ఉకారమా. వేగంగా మాట్లాడేటప్పుడు అది నలిగిపోతుంది. పైగా ఆ ప్రసంగం నిండా మందు అన్న మాటే ఉంది. సందేహం వచ్చినప్పుడు యంత్రం చుట్టుపక్కల ఎక్కువగా వచ్చిన మాట వైపే మొగ్గుతుంది.

ఈ తప్పును ఏ వెతుకులాట ఆదేశమూ పట్టదు. "మరుందు విట్టాల్" కూడా సరైన తమిళమే. కంట్లో చుక్కల మందు వేస్తే అనే అర్థంలో కూడా వాడతారు. పట్టించేది వాక్యంలోని మరో మాట. "మాత్తిరైయై" అంటే మాత్రను. అది ద్వితీయా విభక్తి. మాత్రను ఏం చేశారు? "మాత్రను మరచిపోతే" కుదురుతుంది. "మాత్రను మందు వదిలితే" అన్నప్పుడు ఆ "ను"కు ఆధారం లేకుండా పోయింది. అందుకే వాక్యం చివరి క్రియ పట్టుకుని వెనక్కి నడవాలి. ప్రతి విభక్తికీ ఒక క్రియ దొరకాలి. దొరకని చోట ఆగి, వేగం ముప్పావుకు తగ్గించి వినాలి. మరీ నెమ్మదిగా పెడితే హల్లులు సాగి కొత్త గందరగోళం వస్తుంది.

తెలుగు తెలిసినవారికి ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. మన పాత రాతలో మఱచు, మఱపు అనేవి బండి ఱతో రాసేవారు. తమిళ "మఱందు"లోనూ అదే ఱ. "మరుందు"కు మనకున్న జోడు "మందు". రెండిటికీ తెలుగు జోడు గుర్తుంటే తమిళ వర్ణక్రమంలో తడబడరు.

ల, ళ, ఴ ల విషయంలోనూ ఇలాంటి సాయమే దొరుకుతుంది. చాలా ప్రాంతాల్లో ఴ ధ్వనిని ళగా పలుకుతారు. అందుకని "వాఴైప్పఴత్తై", అంటే అరటిపండును, అనే మాట క్యాప్షన్‌లో "వాళై పలత్తై" అయి కూర్చుంటుంది. దానికి అర్థం "కత్తిని, బలాన్ని". తెలుగు జోడులో డ ఉంటే తమిళంలో తరచు ఴ ఉంటుంది: కోడికి కోఴి, ఏడుకు ఏఴు, పొగడుకు పుగఴ్, నీడకు నిఴల్. ఇది రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న పాత ద్రావిడ పదాలకే వర్తిస్తుంది. సంస్కృతం నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో దీన్ని నమ్ముకోకూడదు. అక్కడ నిఘంటువు తెరవడమే దారి.

ఎంత విన్నా తేలకపోతే ఊహించి నింపకండి. మాట స్పష్టంగా లేదని బ్రాకెట్లలో రాయండి. మందు మోతాదు, నిషేధం, అంకె ఉన్న చోటైతే మాట్లాడిన వ్యక్తినే అడగాలి. ఆయన దొరకకపోతే ఆ గుర్తును అలాగే వదలాలి.

అన్నీ దిద్దాక మన రెండు క్యాప్షన్లు ఇలా అవుతాయి:

```
41
00:06:12,300 --> 00:06:14,200
காலையில் மாத்திரையை மறந்துவிட்டால்

42
00:06:14,200 --> 00:06:17,600
இரவில் இரண்டாகச் சாப்பிடக்கூடாது என்பதை
நினைவில் வையுங்கள்
```

షరతు ఒక క్యాప్షన్‌లో, నిషేధం మొత్తం మరొక క్యాప్షన్‌లో వచ్చాయి. "ఇరండాగచ్" చివర చేరిన చకారాన్ని కూడా గమనించండి. "ఆగ" తర్వాత కూడా హల్లు రెట్టిస్తుంది. యంత్రం దాన్ని వదిలేసింది. సరిహద్దు కొత్త సమయం 14,200 అన్నది ఆడియోలో "విట్టాల్" ముగిసే క్షణం. అది లెక్కతో వచ్చేది కాదు, విని పెట్టవలసిందే.

లెక్కలో పెద్ద తప్పు, అర్థంలో చిన్న తప్పు

యాంత్రిక క్యాప్షన్ ఎంత బాగుందో చెప్పడానికి పద దోష శాతం అనే కొలత వాడతారు. సరైన వాక్యంతో పోల్చి, మారిన పదాలు, అదనంగా చేరిన పదాలు, పోయిన పదాలు కూడి, సరైన వాక్యంలోని పదాల సంఖ్యతో భాగిస్తారు. మన వాక్యంలో 9 పదాలు. యంత్రం రాసిన దానిలో 12. మారినవి 3, అదనంగా చేరినవి 3, మొత్తం 6. అంటే దోషం సుమారు 67 శాతం.

ఇప్పుడు రెండు ఊహలు చేద్దాం. మొదటి యంత్రం అన్ని మాటలూ సరిగ్గా విని, "మఱందు విట్టాల్", "ఇరండాగ", "సాప్పిడ కూడాదు" అని ఖాళీలు, ఒత్తులు మాత్రం తప్పింది. చదివేవాడికి అర్థం పూర్తిగా అందుతుంది. లెక్క వేస్తే 5 తప్పులు, సుమారు 56 శాతం. రెండో యంత్రం అంతా సరిగ్గా రాసి, "సాప్పిడక్కూడాదు" బదులు "సాప్పిడక్కూడుం" అని ఒక్క మాట తప్పు విన్నది. "తినవచ్చు" అన్నట్టు అర్థం తిరగబడింది. లెక్కలో 1 తప్పు, సుమారు 11 శాతం. కొలత ప్రకారం రెండో యంత్రమే ఎంతో మేలు!

అక్షరాలను లెక్కపెట్టే కొలతతో ఖాళీల వల్ల వచ్చే ఈ అతిశయం తగ్గుతుంది. కానీ ఆ కొలతకు కూడా "ఆదు", "ఉం" అనే తోకల తేడా ఎంత బరువైనదో తెలియదు. అందుకని మీకు సమయం తక్కువగా ఉన్నప్పుడు ఫైలు పై నుంచి కిందికి వరసగా దిద్దకండి. ముందుగా వ్యతిరేక క్రియలన్నీ వినండి: "ఇల్లై", "కూడాదు", "ముడియాదు", "వేండాం", "ఆమల్". అంటే లేదు, కూడదు, కుదరదు, వద్దు, చేయకుండా. ఆ తర్వాత అంకెలు. ఆ తర్వాత విభక్తులు. ఒత్తు పోయి అర్థం చెడని చోట్లు అన్నిటికీ చివర.

స్వయం అభ్యాసం

ఈ క్యాప్షన్‌ను దిద్దండి. ఆడియో మీ దగ్గర లేదు కాబట్టి వాక్య నిర్మాణమే ఆధారం.

```
மருத்துவர் இடம் இருந்து சீட்டு வந்தும்
அந்த வில்லை வாங்க வில்லை
```

తెలుగు లిపిలో: "మరుత్తువర్ ఇడం ఇరుందు సీట్టు వందుం అంద విల్లై వాంగ విల్లై". "సీట్టు" ఇక్కడ మందుల చీటీ, "వందుం" అంటే వచ్చినా, "వాంగ" అంటే కొన.

సమాధానం సరిచూసుకోండి. "మరుత్తువరిడమిరుందు" ఒకే పదం. "వైద్యుడి దగ్గర నుంచి". "ఇడం" ఇక్కడ చోటు కాదు, విభక్తి. రెండో వరుసలో "విల్లై" రెండుసార్లు వచ్చింది, మనం రాసుకున్న ఆదేశం రెండిటినీ చూపిస్తుంది. మొదటి దాని ముందున్న "అంద" విశేషణం, కాబట్టి అది నిజమైన బిళ్ళ. అక్కడ ఖాళీ ఉండాలి. రెండో దాని ముందున్న "వాంగ" క్రియ, కాబట్టి అది "లేదు", అక్కడ కలపాలి. దిద్దిన రెండో వరుస "అంద విల్లై వాంగవిల్లై". వైద్యుడి దగ్గర నుంచి చీటీ వచ్చినా ఆ బిళ్ళ కొనలేదు అని అర్థం. "అన్నీ మార్చు" నొక్కి ఉంటే "అందవిల్లై వాంగవిల్లై" అయ్యేది. అప్పుడు కొనని బిళ్ళ వాక్యంలోంచే మాయమవుతుంది.